ఈనిన ఆవు ఎందుకు చిక్కిపోతుంది? కండిషన్ స్కోరు, దాణా లెక్క

పలమనేరు వైపు పాల కేంద్రం దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు, ఈ వాదన వినబడుతుంది. ఆవు ఈనడానికి నెల ముందు పశువైద్యుడు వచ్చి చూసి, "ఒళ్లు ఎక్కువైంది, దాణా తగ్గించు" అంటాడు. ఈనిన నెలకు పాల కేంద్రం సూపర్‌వైజర్ అదే ఆవును చూసి, "ఇట్లా ఎండిపోతా ఉంటే పాలెక్కడివి, దాణా పెంచు" అంటాడు. పక్కింటి పెద్దాయనేమో "పాడి ఆవన్నాక చిక్కదా, మా కాలంలో ఇవన్నీ ఎవరు చూశారు" అని కొట్టిపారేస్తాడు. రైతుకు టెన్షన్. ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

ముగ్గురూ కొంతవరకు నిజమే చెబుతున్నారు. కాకపోతే ఒక్కొక్కరు ఆవు ఈతలోని ఒక్కో దశ గురించి మాట్లాడుతున్నారు. ఈ మాటలన్నిటినీ ఒకే కొలత మీదికి తెచ్చేదే బాడీ కండిషన్ స్కోరు.

స్కోరు కొలిచేది కొవ్వును, పొట్టను కాదు

పేరు పెద్దగా ఉన్నా విషయం చిన్నదే. ఆవు చర్మం కింద ఎంత కొవ్వు నిల్వ ఉందో కంటితో చూసి, చేత్తో తడిమి, 1 నుంచి 5 లోపు ఒక అంకె వేస్తారు. 1 అంటే ఎముకల గూడు, 5 అంటే విపరీతమైన లావు. మధ్యలో పావు చొప్పున లెక్క: 2.5, 2.75, 3, 3.25 ఇలా.

మనం సాధారణంగా ఆవును పక్క నుంచి చూసి, పొట్ట నిండుగా ఉంటే "బాగుంది" అంటాం. అక్కడే మోసపోతాం. వరిగడ్డి మేసి నీళ్లు తాగిన ఆవు పొట్ట ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. నిండు చూలుతో ఉన్నదైతే చెప్పనే అక్కర్లేదు. కొవ్వు సంగతి తెలియాలంటే చూడాల్సింది పొట్టను కాదు, నడుము నుంచి తోక దాకా ఉండే వెనక భాగాన్ని.

ఆవు పక్కన నిలబడి మూడు చోట్లు గుర్తించాలి. నడుము చివర పక్కకు పొడుచుకొచ్చేది తుంటి ఎముక. తోకకు పక్కన, వెనక చివర ఉండేది పిర్ర ఎముక. ఈ రెండింటి మధ్య కాస్త కిందికి తొడ కీలు ఉంటుంది. తుంటి ఎముక నుంచి కీలు మీదుగా పిర్ర ఎముక దాకా కంటితో ఒక గీత గీయండి. అది ఇంగ్లీషు 'వి' అక్షరంలా కోసుగా దిగి లేస్తే స్కోరు 3 గానీ అంతకంటే తక్కువ గానీ. గుండ్రంగా 'యు'లా ఉంటే 3.25 గానీ అంతకంటే ఎక్కువ గానీ. సగం పని ఈ ఒక్క చూపుతోనే అయిపోతుంది.

మిగతా సగం చేతి పని. గీత 'వి'లా ఉండి తుంటి ఎముక ఇంకా గుండ్రంగానే ఉంటే 3. తుంటి ఎముక అంచు తేలి, పిర్ర ఎముక మీద మాత్రం మెత్త మిగిలి ఉంటే 2.75. పిర్ర ఎముకకూ అంచు తేలి, వేలితో నొక్కితే కాస్త కొవ్వు తగిలితే 2.5. నొక్కినా ఎముకే తగిలితే 2.5 కంటే తక్కువే. 'యు' వైపు వెళ్తే చూడాల్సింది తోక మొదలు దగ్గర, నడుము చివర తాళ్లలా కనిపించే బంధనాలను. రెండూ స్పష్టంగా కనిపిస్తే 3.25. తోక దగ్గరిది లీలగా మాత్రమే కనిపిస్తే 3.5. రెండూ కొవ్వులో పూర్తిగా కలిసిపోతే 4.

ఒకే ఆవుకు ఇద్దరు మనుషులు పావు తేడాతో స్కోరు వేయడం మామూలే, దాని గురించి గొడవ పడాల్సిన పని లేదు. ఒకే మనిషి ప్రతి నెలా అదే చోట, అదే పద్ధతిలో చూస్తే చాలు. అసలు విషయం అంకెలో కంటే అంకె మారిన తీరులో ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కు. యూట్యూబ్‌లో "ఈనేటప్పటికి ఆవు స్కోరు 5 ఉండాలి" అనే వీడియో చూసి కంగారు పడేవాళ్లున్నారు. అది న్యూజిలాండ్ లెక్క. వాళ్లది 1 నుంచి 10 కొలబద్ద. ఆస్ట్రేలియాలో 1 నుంచి 8 వాడతారు. మన పశువైద్య కళాశాలల్లో చెప్పేది 1 నుంచి 5 కొలబద్ద, ఇందులో 5 అంటే జబ్బుకు పిలుపు. అంకె వినగానే అది ఎన్నిట్లో అంకె అని అడగడం మంచిది.

పాలు ముందు పరిగెడతాయి, ఆకలి వెనక నడుస్తుంది

ఈనాక ఆవు చిక్కడానికి కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు. పాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు పతాక స్థాయికి చేరతాయి. మేత తినే శక్తి మాత్రం పది, పన్నెండు వారాలకు గానీ పూర్తిగా రాదు. నడుమ ఉన్న లోటును ఆవు తన ఒంట్లోని కొవ్వు కరిగించి పూడ్చుకుంటుంది.

ఆ లోటు ఎంతో అంకెల్లో చూద్దాం. దీనికి టీడీఎన్ అనే కొలత వాడతారు. మేతలో ఆవుకు నిజంగా అరిగి ఒంటబట్టే భాగం అని అర్థం. వరిగడ్డి ఎండు బరువులో ఇది నూటికి నలభై చిల్లర, నేపియర్ లాంటి పచ్చిగడ్డిలో యాభై అయిదు దాకా. మంచి మిశ్రమ దాణా కిలోకు 680 గ్రాముల చొప్పున లెక్క వేసుకుందాం.

ఉదాహరణకు 400 కిలోల హెచ్‌ఎఫ్, అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్, సంకర ఆవును తీసుకుందాం, పేరు గౌరి. రెండు ఈతలు దాటింది, పాలలో వెన్న 4 శాతం. ఒంటి పోషణకే దానికి రోజుకు సుమారు 3.1 కిలోల టీడీఎన్ కావాలి. చూలు చివరి రెండు నెలల్లో కడుపులో దూడతో కలిపి 4.1 కిలోలు. పాలకు లీటరుకు 0.32 కిలోల చొప్పున అదనం. అంటే 15 లీటర్లు ఇచ్చే రోజున 3.1, దానికి 4.8 కలిపి మొత్తం 7.9. ఈనక ముందు ఉన్న అవసరం రెండు నెలల్లో దాదాపు రెట్టింపయింది.

ఈనిన రెండు వారాలకు గౌరి 13 లీటర్లిస్తోంది. కావాల్సింది 7.3. ఆకలి ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి తింటున్నది 15 కిలోల నేపియర్, 3 కిలోల వరిగడ్డి, 4.5 కిలోల దాణా. పచ్చి నేపియర్‌లో అయిదో వంతే ఎండు బరువు, మిగతాది నీరు. కాబట్టి వీటి నుంచి వచ్చే టీడీఎన్ వరుసగా 1.65, 1.15, 3.05. కలిపితే 5.85. లోటు రోజుకు 1.45 కిలోలు.

ఆవు ఒళ్లు ఒక కిలో కరిగితే సుమారు 2.2 కిలోల టీడీఎన్‌కు సమానమైన శక్తి వస్తుంది. కాబట్టి ఆ రోజుల్లో గౌరి రోజుకు 650 గ్రాముల దాకా తన ఒంటినే తింటోంది. తర్వాత ఆకలి పెరిగేకొద్దీ ఈ కోత తగ్గుతుంది. సగటున రోజుకు అర కిలో అనుకున్నా 55 రోజుల్లో 27 కిలోలు. ఒక పూర్తి స్కోరు అంటే ఆవు బరువులో నూటికి 13, 14 వంతులు, గౌరికి దాదాపు 55 కిలోలు. అంటే అది సరిగ్గా అర స్కోరు తగ్గింది. 3.25తో ఈనితే 2.75కు వచ్చి ఆగింది. ఇది ఆరోగ్యంగా ఉన్న ఆవు లెక్క. "పాడి ఆవన్నాక చిక్కదా" అన్న పెద్దాయన మాట ఇంతవరకు నిజం.

అర స్కోరు దాటి ముప్పావుకు చేరితే జాగ్రత్త పడాలి. పూర్తి స్కోరు పడిపోతే ఏదో తేడా ఉన్నట్టే. ఎదకు రావడం ఆలస్యమవుతుంది, వచ్చినా చూలు నిలవడం కష్టమవుతుంది.

పాల కేంద్రం చీటీలోనూ దీని జాడ దొరుకుతుంది. ఈనిన మొదటి వారాల్లో వెన్న శాతం బాగా ఎక్కువ పడితే రైతు సంతోషిస్తాడు. ఆ వెన్నలో కొంత ఆవు నడుము మీద నుంచి వచ్చింది. ఆవు వేగంగా చిక్కుతూ వెన్న పెరిగి, పాలలో వెన్న కాని ఘనపదార్థం, అంటే ఎస్‌ఎన్‌ఎఫ్, మాత్రం పడిపోతుంటే ఆ రేటును చూసి మురిసిపోకూడదు.

లావు ఆవే ఎక్కువ చిక్కుతుంది

మరి ముందే బాగా మేపి ఒళ్లు చేయిస్తే, కరగడానికి నిల్వ ఎక్కువ ఉంటుంది కదా? ఈ ఆలోచన కొత్తది కాదు. ఈనే ముందు దాణా దట్టంగా పెట్టి ఆవును తయారు చేయాలని ఒకప్పుడు పాఠ్యపుస్తకాలే చెప్పాయి. మన ఇళ్లలోనూ చూలు ఆవుకు తవుడు, చెక్క దండిగా పెట్టడం ప్రేమకు గుర్తు.

చిక్కు ఏమిటంటే లావుగా ఈనిన ఆవుకు ఆకలి తక్కువ. ఈనిన తర్వాత మిగతా ఆవుల కంటే తక్కువ తింటుంది, దాంతో కొవ్వు మరింత వేగంగా కరుగుతుంది. ఆ కొవ్వంతా రక్తంలోంచి కాలేయానికి చేరుతుంది. కాలేయం తట్టుకోగలిగినంత వరకు సరే. దాటితే కొంత కాలేయంలోనే పేరుకుపోతుంది, కొంత కీటోన్లుగా మారి రక్తంలో కలుస్తుంది. అదే కీటోసిస్. దీన్ని గుర్తుపట్టడానికి ఒక తేలికైన జాడ ఉంది. ఆవు దాణా తొట్టి దగ్గర మూతి తిప్పుకుంటుంది గానీ ఎండుగడ్డి మాత్రం నములుతుంది. పాలు ఒక్కసారిగా పడిపోతాయి, పేడ గట్టిపడుతుంది, కొన్నిసార్లు ఊపిరిలో తియ్యటి వాసన వస్తుంది. "దాణా కంపెనీ మార్చాం, నచ్చట్లేదేమో" అని రెండు మూడు రోజులు ఆగితే అక్కడికే ఆలస్యమైపోతుంది.

అందుకే ఈనేటప్పటికి 3 నుంచి 3.5 మధ్య ఉంటే చాలని ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల మాట. ఆవు 4 దగ్గర ఉంటే ఒళ్లు ఎక్కువైందన్న డాక్టరు మాట సరైనదే. అయితే తగ్గించడం అంటే కడుపు మాడ్చడం కాదు. చూలు చివరి నెలలో ఆవును సన్నబరచాలని మేత కోస్తే, మనం దేనికి భయపడ్డామో ఆ కొవ్వు కరగడమే ఈనక ముందే మొదలవుతుంది. ఆ దశలో చేయగలిగేది ఇంకా పెరగకుండా ఆపడం, అంతే.

ఒళ్లు పూడ్చాల్సిన సమయం ఎప్పుడు?

సమాధానం చాలామంది ఊహించేది కాదు. పాలు ఆపేసిన రెండు నెలల్లో కాదు, దానికి ముందే, పాలు తగ్గుముఖం పట్టి ఆవు ఇంకా పాడిలో ఉన్నప్పుడే. పాలిస్తున్న ఆవు మేతను కొవ్వుగా మార్చుకునే పని, పాలు ఆగిన ఆవు కంటే పొదుపుగా చేస్తుంది. పైగా సమయమూ ఎక్కువ ఉంటుంది.

గౌరి దగ్గరికే వెళ్దాం. ఈని ఏడు నెలలైంది, చూలు నిలిచింది, పాలు 7 లీటర్లకు దిగాయి. స్కోరు 2.75 దగ్గరే ఉంది. పాలు ఆపేలోపు, అంటే మూడు నెలల్లో, 3.25కు తేవాలి. అర స్కోరు అంటే 27 కిలోలు, 90 రోజుల్లో రోజుకు 300 గ్రాములు. ఒక కిలో బరువు పెరగడానికి సుమారు 2.26 కిలోల టీడీఎన్ కావాలి కాబట్టి రోజుకు 0.68 అదనం. అది సరిగ్గా ఒక కిలో దాణా. పాల లెక్కకు పెట్టే దాణా మీద ఇంకో కిలో, మూడు నెలలు.

ఊళ్లో జరిగేది దీనికి తలకిందులు. పాలు తగ్గగానే "ఇచ్చే ఏడు లీటర్లకు ఇంత దాణా ఎందుకు" అని కోసేస్తారు. రోజు లెక్కలో అది సబబుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ కిలో దాణాకు ఆ రోజు పాలు పెరగవు. దాని ఫలితం వచ్చే ఈతలో గానీ కనిపించదు, అప్పటికి అది ఈ దాణా ఫలితమని ఎవరికీ గుర్తుండదు.

ఇదే సమయంలో 3.5 దాటిన ఆవు కూడా కొట్టంలో ఉండొచ్చు. చూలు నిలవక ఏడాదిన్నరగా పాడిలో ఉన్న ఆవులు ఇలా తయారవుతాయి. రెండింటికీ ఒకే డబ్బాతో దాణా కొలిచి పోస్తే ఒకటి ఎండుతుంది, ఇంకొకటి ఊరుతుంది. స్కోరు నెలనెలా చూసేవాళ్లకు దొరికే మొదటి లాభం, లావెక్కిన ఆవు దగ్గర మిగిలే దాణాయే.

ఈనే ముందు, ఈనాక దాణా అడుగులు

పాలు ఆపాక మొదటి నెల గౌరికి పచ్చిగడ్డి, వరిగడ్డి, మినరల్ మిక్చర్‌తో పాటు కిలో దాకా దాణా సరిపోతుంది. ఈనడానికి రెండు, మూడు వారాల ముందు దాన్ని మెల్లగా రెండు కిలోలకు పెంచుతారు. ఇది ఒళ్లు చేయించడానికి కాదు. ఆవు పెద్ద పొట్టలో మేతను పులియబెట్టే సూక్ష్మజీవులు కొత్త దాణాకు అలవాటు పడడానికి ఆ మాత్రం సమయం కావాలి. అందుకే ఈనాక పెట్టబోయే దాణానే ముందు నుంచీ పెట్టాలి.

ఈనాక రెండు కిలోల దగ్గర మొదలుపెట్టి మూడు రోజులకోసారి అర కిలో పెంచితే రెండు వారాలకు 4.5 కిలోలకు, నాలుగో వారం చివరికి 6.5 కిలోలకు చేరుతుంది. ఎనిమిదో వారంలో 15 లీటర్ల దగ్గర గౌరి తిండి ఇలా ఉంది: నేపియర్ 20 కిలోలు, వరిగడ్డి 3 కిలోలు, దాణా 6.5 కిలోలు. టీడీఎన్ 7.75. కావాల్సింది 7.9. లోటు దాదాపు పూడింది, స్కోరు పడడం ఆగింది.

మన రైతులు వాడే "రెండున్నర లీటర్లకు కిలో దాణా, ఒంటికి ఇంకో కిలో" అన్న లెక్క కూడా దాదాపు ఇక్కడికే, ఏడు కిలోలకు తెస్తుంది. ఆ లెక్క తప్పు కాదు. అయితే అది కుదురుకున్న ఆవుకు పనికొచ్చే లెక్క. మొదటి నెలలో పాల వెనకే దాణా పెంచుతూ పోతే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాం. కాబట్టి ఆ రోజుల్లో పాల కంటే అర కిలో ముందు పెట్టి చూస్తారు. పాలు పెరిగితే ఇంకో అర కిలో, స్పందన లేకపోతే అక్కడే ఆపేస్తారు.

తొందరపడి ఒకేసారి ఆరేడు కిలోలు పోస్తే పొట్టలో పులుపు పెరిగిపోతుంది. పేడ పలచబడి అందులో గింజ ముక్కలు కనిపిస్తాయి, నెమరు తగ్గుతుంది, వెన్న శాతం జారిపోతుంది. కొన్ని వారాలకు ఆవు కుంటడం కూడా మొదలవ్వొచ్చు. దాణాను రోజుకు మూడు పూటలుగా పంచడం, పూటకు రెండు, రెండున్నర కిలోలు దాటకుండా చూడడం, ముందు కాస్త గడ్డి వేయడం ఈ కారణంగానే.

దాణాతో చిక్కడాన్ని పూర్తిగా ఆపొచ్చా?

ఇక్కడ నిపుణుల్లోనే రెండు మాటలున్నాయి. ఒక వర్గం, లోటు ఉంది కాబట్టి చిక్కుతోంది, లోటు పూడిస్తే ఆగుతుంది అంటుంది. బైపాస్ ఫ్యాట్ వాడకం ఈ ఆలోచన నుంచే వచ్చింది. పెద్ద పొట్టలో కరగకుండా పేగుల్లో అరిగే ఈ కొవ్వును రోజుకు 100 నుంచి 200 గ్రాములు ఇస్తే, తిండి పరిమాణం పెరగకుండానే శక్తి పెరుగుతుంది.

రెండో వర్గం అడిగే ప్రశ్న వేరు. దూడను బతికించుకోవడానికి ఈనాక కొంత కొవ్వు కరిగించడం ఆవు స్వభావంలోనే ఉందని, ప్రతి ఆవూ తనకు తగిన ఒక స్థాయికి దిగాకే ఆగుతుందని వీళ్ల వాదన. దట్టమైన దాణా పెట్టినా మంచి పాడి ఆవు ఆ అదనపు శక్తిని కూడా పాలలోకే మళ్లించడం వీళ్లు చూపే రుజువు. సన్నగా ఈనిన ఆవు తక్కువ చిక్కడం, లావుగా ఈనినది ఎక్కువ చిక్కడం కూడా ఈ వాదనకే బలమిస్తుంది.

నాకు రెండోదే వాస్తవానికి దగ్గరగా అనిపిస్తుంది. అంతమాత్రాన మొదటిది పనికిరాదని కాదు. దాణాతో పతనాన్ని ముప్పావు నుంచి అరకు తేవచ్చు, సున్నాకు తేలేం.

ఒంగోలుకూ ముర్రాకూ ఇదే అంకె పనికిరాదు

పైన చెప్పిన 'వి', 'యు' గుర్తులు హోల్‌స్టీన్ ఆవుల మీద తయారైనవి. హెచ్‌ఎఫ్ సంకరానికి బాగానే సరిపోతాయి. జెర్సీ సంకరం సహజంగానే ఎముకలు తేలి కనిపిస్తుంది, కొత్తగా చూసేవాళ్లు దానికి పావు స్కోరు తక్కువ వేసే అవకాశం ఉంది. ఒంగోలు లాంటి మూపురం ఉన్న జాతుల ఒంటి తీరే వేరు, వాటిని ఈ గుర్తులతో అంచనా వేయడం కష్టం. గేదె తుంటి ఎముకలు ఎంత మేపినా పొడుచుకొచ్చినట్టే ఉంటాయి. అందుకే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ముర్రా గేదెలకు విడిగా ఒక స్కోరు పద్ధతిని తయారుచేసి 2011లో ప్రచురించారు. గేదెల మందలో ఆవుల పటం పట్టుకుని తిరిగితే అన్నీ చిక్కినవే అనిపిస్తాయి.

ఇంకో పరిమితి మరీ ముఖ్యమైనది. స్కోరు ఆవు చిక్కిందని చెబుతుంది గానీ ఎందుకని చెప్పదు. లెక్క ప్రకారం మేపుతున్నా నాలుగో నెల దాటాక కూడా ఆవు 2.25 దగ్గరే ఉంటే, దాణా డబ్బాను పక్కన పెట్టి పేడ పరీక్ష చేయించాలి. కడుపులో పురుగులు, పిడుదుల వల్ల వచ్చే థైలేరియాసిస్, అరిగిన పళ్లు, నొప్పి పెట్టే గిట్ట, ఇవన్నీ ఆవును ఆకలి లోటులాగే చిక్కిస్తాయి. తొలి ఈత ఆవు సంగతీ వేరే, అది పాలిస్తూనే ఇంకా ఎదుగుతుంటుంది కాబట్టి ఒంటి పోషణ లెక్కకు అయిదో వంతు అదనంగా కలపాలి. ఒక్కోసారి కారణం ఇంకా చిన్నదిగా ఉంటుంది. ఒకే తొట్టిలో రెండు ఆవులు తింటుంటే, గౌరికి కొలిచి పోసిన 6.5 కిలోల్లో రెండు కిలోలు పక్క ఆవు లాగేస్తుండొచ్చు. అది తెలియాలంటే దాణా పోసి వెళ్లిపోకుండా పది నిమిషాలు అక్కడే నిలబడి చూడాలి.